ఒకే టైమ్‌షీట్, మూడు లెక్కలు: పాపను ఏ అకౌంటింగ్‌లో వేయాలి?

ముఐథర్‌లో మా రూమ్‌లో ఉండే తమ్ముడిది జగిత్యాల వైపు. వాళ్ళ పాప ఇంటర్ ఎంఈసీ అయిపోయింది. పాప సీఏ అంటోంది, కాలేజీలో సారు సీఎంఏ మంచిదన్నాడు, దోహాలో ఆఫీసులో పనిచేసే వాళ్ళ చుట్టం ఒకాయన అమెరికా సీఎంఏ చేయించు, గల్ఫ్‌లో ఉద్యోగం గ్యారంటీ అన్నాడు. తమ్ముడికి తల తిరిగిపోయింది. "అన్నా, అన్నీ లెక్కలే గదా, మూడు పేర్లెందుకు? ఫీజు కట్టేది నేను, నాకన్నా అర్థం కావాలె గదా" అని శుక్రవారం పొద్దున్నే కూర్చోబెట్టాడు.

నేను అకౌంటెంట్‌ని కాదు. ఐటీఐ సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసి వచ్చినవాణ్ణి. కానీ పదహారేళ్ళుగా రోజూ సాయంత్రం టైమ్‌షీట్ రాసేది నేనే. ఆ కాగితం ఆఫీసుకు పోయాక ఏమవుతుందో దెబ్బలు తిని నేర్చుకున్నా. ఎపిసోడ్‌లో ఇదంతా మాట్లాడాను గానీ, అంకెలు చెవితో వింటే ఎక్కవు. అందుకే అవే మళ్ళీ రాసి పెడుతున్నా. కింద వేసిన అంకెలు ఏ కంపెనీవీ కావు, లెక్క సులువుగా తేలేలా నేను వేసుకున్నవి.

మేస్త్రీ ఒకడు అనుకుందాం. బేసిక్ 1,200 రియాల్స్, తిండికి 300, ఉండటానికి కంపెనీ క్యాంపు. ఈ రోజు 8 గంటలు బ్లాక్ వర్క్ చేశాడని నేను టైమ్‌షీట్‌లో రాశాను. ఈ ఒక్క వరుసనే ఆఫీసులో ముగ్గురు మూడు రకాలుగా చదువుతారు.

మొదటివాడు ఫైనాన్షియల్ అకౌంటెంట్. వీడికి మేస్త్రీ ఏ గోడ కట్టాడో అక్కర్లేదు. ఈ నెల కంపెనీ మొత్తం మీద జీతాలు ఎంత, బ్లాకులకూ సిమెంటుకూ ఎంత, క్లయింట్ దగ్గర రావాల్సింది ఎంత, ఏడాది చివర లాభమా నష్టమా అన్నదే వీడి పని. ఈ లెక్క బయటివాళ్ళ కోసం. అప్పిచ్చిన బ్యాంకు, పన్ను ఆఫీసు, డబ్బు పెట్టిన భాగస్వాములు, వీళ్ళెవరూ సైట్‌కి రారు, కాగితమే చూస్తారు. అందుకని ఆ కాగితం ఎట్లా రాయాలో రూల్స్ ఉంటాయి, ఆడిటర్ వచ్చి చూసి సంతకం పెడతాడు. జరిగిపోయిన ఏడాది గురించిన లెక్క ఇది.

ఇందులో మనకు సంబంధించిన వరుస ఒకటి ఉంది. ఖతర్ కార్మిక చట్టం ప్రకారం ఏడాది సర్వీసు నిండిన మనిషికి, వెళ్ళిపోయేటప్పుడు ఏడాదికి కనీసం మూడు వారాల బేసిక్ చొప్పున గ్రాట్యుటీ ఇవ్వాలి. మన మేస్త్రీకి 1,200ను 30తో భాగించి 21 రోజులకు లెక్కేస్తే ఏడాదికి 840. ఏడేళ్ళు చేస్తే 5,880. ఆ డబ్బు ఇచ్చేది చివర్లోనే అయినా, ప్రతి ఏడాదీ ఆ ఏడాది తాలూకు 840ని ఖర్చుగా రాసి, అప్పు కింద చూపించాలి. పుస్తకాల్లో దాన్ని ఎండ్ ఆఫ్ సర్వీస్ బెనిఫిట్స్ అంటారు. అంటే కంపెనీ మనకు బాకీ ఉన్నట్టు కంపెనీయే రాసుకుంటుంది. ఇక్కడ మనవాళ్ళు చాలామంది పొరబడతారు. అప్పుగా రాశారంటే ఆ డబ్బు బ్యాంకులో పక్కన పెట్టారని కాదు. రాయడం వేరు, ఉండటం వేరు.

బయటివాళ్ళు కాగితాన్నే నమ్ముతారు కాబట్టి కాగితం అబద్ధమైతే ఏమవుతుందో మన హైదరాబాద్‌లోనే చూశాం. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరంలో, పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని ఒప్పుకున్నాడు. బ్యాంకులో డబ్బుందా అన్నది ఆడిటర్ నేరుగా బ్యాంకునే అడిగి తేల్చుకోవాల్సిన విషయం. ఫైనాన్షియల్ అకౌంటింగ్, ఆడిట్ వైపు పోయే పిల్లలు రోజూ చేయాల్సింది ఇదే. ఎదుటివాడు చూపించిన కాగితాన్ని అనుమానించి, రుజువు అడగడం.

రెండోవాడు కాస్ట్ అకౌంటెంట్. మా సైట్లలో కాస్ట్ కంట్రోలర్ అంటారు. వీడికి కంపెనీ మొత్తం లెక్క అక్కర్లేదు. ఈ ఒక్క గోడ, ఒక్క చదరపు మీటరు ఎంత పడింది అంటాడు. దానికి ముందు మేస్త్రీ గంట ఎంతో తేల్చాలి.

మనమైతే 1,200ను 26 రోజులకు, రోజుకు 8 గంటలకు భాగించి గంటకు 5.77 రియాల్స్ అనుకుంటాం. కాస్ట్ అకౌంటెంట్ అట్లా వేయడు. ఏడాదికి బేసిక్ 14,400. తిండి 3,600. గ్రాట్యుటీ 840. రెండేళ్ళకోసారి టికెట్ 1,500 అయితే ఏడాదికి 750. ఆర్పీ, మెడికల్, హెల్త్ కార్డు, బూట్లు, డ్రెస్సు అన్నీ కలిపి 1,410. క్యాంపు, బస్సు నెలకు 600 చొప్పున 7,200. మొత్తం 28,200. ఇప్పుడు ఎన్ని గంటలకు భాగించాలి? ఏడాదికి 312 పని దినాలు. అందులో జీతంతో సెలవు మూడు వారాలంటే 18 రోజులు, పండుగలకు 10, ఒంట్లో బాగాలేక ఓ 2. మిగిలింది 282 రోజులు, 2,256 గంటలు. 28,200ని 2,256తో భాగిస్తే గంటకు 12.50.

చేతికి 5.77, కంపెనీకి 12.50. ఈ అంకె చెబితే మా రూమ్‌లో గొడవైంది, "అన్నా, నువ్వు కంపెనీ మనిషివి" అని. కంపెనీ మనిషినని కాదు, గోడ రేటు వేసేటప్పుడు 5.77తో వేస్తే ఆ పనిలో నష్టం ఖాయం. నష్టం వచ్చిన సైట్‌లో మొదట ఆలస్యమయ్యేది మన జీతమే.

సరే, హెల్పర్ గంట 10.50 అనుకుందాం. ఇద్దరూ కలిసి గంటకు 23, రోజుకు 184. టెండర్ వేసినప్పుడు ఈ జంట రోజుకు 10 చదరపు మీటర్లు కడుతుందనుకున్నారు, అంటే మీటరుకు లేబర్ 18.40. తీరా చూస్తే రోజుకు 8 మీటర్లే అవుతోంది. 184ని 8తో భాగిస్తే 23. మీటరుకు 4.60 ఎక్కువ. వెయ్యి మీటర్ల పని ఉంటే 4,600 రియాల్స్ పోయినట్టే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎందుకు పోయింది? మేస్త్రీలు బద్ధకంగా ఉన్నారా? నేను టైమ్‌షీట్‌లో 8 గంటలూ బ్లాక్ వర్క్ అనే రాస్తే ఆఫీసు అట్లాగే అనుకుంటుంది. రోజూ గంటన్నర పైగా బ్లాకులు పైకి రాక నిలబడ్డారని, ఆ సమయాన్ని వెయిటింగ్ అనే వేరే కోడ్‌లో రాస్తే బొమ్మ మారిపోతుంది. మిగిలిన ఆరున్నర గంటల్లో కట్టింది 8 మీటర్లంటే, వాళ్ళ చేతి వేగం టెండర్‌లో అనుకున్నంతే ఉంది. తప్పు మెటీరియల్ ఎక్కించే దగ్గర ఉంది. మేస్త్రీని తిట్టాలా, ఫోర్క్‌లిఫ్ట్ ఇంకో గంట ముందు పిలవాలా అన్నది ఆ ఒక్క కోడ్ తేలుస్తుంది. కాస్ట్ అకౌంటింగ్‌లో సగం పని ఇట్లా అనుకున్నదానికీ అయినదానికీ తేడా తీసి, ఆ తేడాకు కారణం వెతకడమే.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట వేరే కంపెనీలో ఉన్నప్పుడు ఒక బిల్డింగ్‌లో ప్లాస్టరింగ్‌కి ఇచ్చిన గంటలు అయిపోయాయి, పని మిగిలింది. రిపోర్టులో ఎర్రగా కనబడితే నన్ను అడుగుతారని భయం. బ్లాక్ వర్క్ కోడ్‌లో గంటలు మిగిలి ఉన్నాయి. రెండు వారాలపాటు ప్లాస్టర్ వాళ్ళ గంటలు అందులో రాసేశాను. ఎవరికీ తెలియలేదు. ఫైనాన్షియల్ అకౌంటెంట్‌కి తెలిసే అవకాశమే లేదు, ఎందుకంటే జీతాల మొత్తం అదే, పైసా తేడా లేదు. ఆడిట్ కూడా అయిపోయింది. తర్వాత కొత్త టెండర్ వేసేటప్పుడు ఎస్టిమేటర్ పాత సైట్ రేట్లు తీశాడు. నా పుణ్యాన ప్లాస్టర్ చవగ్గా కనబడింది. తక్కువ రేటు వేశారు, పని వచ్చింది, ఆ ప్లాస్టర్‌లో మీటరు మీటరుకూ నష్టపోయారు. ఆ సైట్ వాళ్ళకు ఓవర్‌టైమ్ కట్ చేశారు. వాళ్ళలో మా ఊరివాళ్ళు ముగ్గురు.

మొత్తం సరిగ్గా ఉండి కూడా లోపలి పంపకం తప్పు కావచ్చన్నది ఆ రోజు అర్థమైంది. రెండు అకౌంటింగ్‌లకు తేడా ఏంటని ఎవరడిగినా నేను ఈ సంగతే చెబుతా.

మూడోది మేనేజ్‌మెంట్ అకౌంటింగ్. ఇది రేపటి లెక్క. దీనికి చట్టం లేదు, ఫారం లేదు, బయట ఎవరికీ చూపించరు. ఏదో ఒక నిర్ణయం తీసుకోవాలి, దానికి ఏ అంకెలు పనికొస్తాయో ఏరి మేనేజర్ ముందు పెట్టాలి. ఏరడమే ఇక్కడ విద్య, ఎందుకంటే పనికిరాని అంకెలు కూడా నిజమైనవే అయి ఉంటాయి.

అదే గోడ తీసుకుందాం. వెయ్యి మీటర్లు మిగిలింది. మన లేబర్ మీటరుకు 23, దానిపైన సైట్ ఆఫీసు, స్కాఫోల్డింగ్, నా జీతం, హెడ్ ఆఫీసు ఖర్చుల వాటా కలిపి 7 వేశారు. కాస్ట్ షీట్‌లో మీటరుకు 30. ఒక సబ్‌కాంట్రాక్టర్ వచ్చి లేబర్ మాత్రమే 22కి చేస్తానన్నాడు. మేనేజర్ కళ్ళు మెరిశాయి. మీటరుకు 8 చొప్పున 8,000 మిగులుతుంది గదా అన్నాడు.

మిగలదు. పని అతనికి ఇస్తే మన దగ్గర ఏ ఖర్చు ఆగిపోతుందో ఒక్కొక్కటే అడగాలి. నా జీతం ఆగదు, అతని పనిని చూసుకునేది కూడా నేనే. సైట్ ఆఫీసు ఆగదు. స్కాఫోల్డింగ్ మనదే. మరి మన పదిమంది, అంటే ఐదుగురు మేస్త్రీలు, ఐదుగురు హెల్పర్లు? వాళ్ళు అగ్రిమెంట్ మీద ఉన్నారు. పని ఉన్నా లేకున్నా బేసిక్, తిండి, క్యాంపు ఇవ్వాల్సిందే. అంటే కాస్ట్ షీట్‌లోని 30లో ఆగేది దాదాపు సున్నా. పని బయటికిస్తే కొత్తగా చేతి నుంచి పోయేది 22,000. మిగులు అనుకున్నది కాస్తా నష్టం అయింది.

అయితే బయటికివ్వడం ఎప్పుడూ తప్పేనా? కాదు. ఈ వెయ్యి మీటర్లకు మన ఐదు జంటలకు 25 రోజులు పడుతుంది. అదే 25 రోజులు కంపెనీ వేరే సైట్‌లో మనుషులు చాలక మ్యాన్‌పవర్ సప్లై వాళ్ళ దగ్గర మేస్త్రీని గంటకు 14కి, హెల్పర్‌ని 11కి తెచ్చుకుంటోందనుకోండి. మనవాళ్ళను అక్కడికి పంపితే ఆ అద్దె మిగులుతుంది. ఒక్కొక్కరికి 200 గంటలు. మేస్త్రీలవి 14,000, హెల్పర్లవి 11,000, మొత్తం 25,000. ఇక్కడ సబ్‌కాంట్రాక్టర్‌కి ఇచ్చేది 22,000. ఇప్పుడు బయటికిస్తేనే 3,000 లాభం. గోడ మారలేదు, కాస్ట్ షీట్ మారలేదు, జవాబు మాత్రం తిరగబడింది. 30 అనే అంకె రెండుసార్లూ దారి చూపలేదు.

ఇక్కడ కూడా పొరపాట్లుంటాయి. ఆ రెండో సైట్ పని పది రోజుల్లోనే అయిపోతే మన మనుషులు క్యాంపులో కూర్చుంటారు, ఆ 3,000 ఎప్పుడో పోతుంది. ఇంకోటి, సబ్‌కాంట్రాక్టర్ నెలకు డబ్బు అడుగుతాడు, క్లయింట్ బిల్లు మూడు నెలలకు వస్తుంది, అందులో కొంత రిటెన్షన్ పట్టుకుంటాడు. లాభం కాగితం మీద ఉంటుంది, జీతాల రోజుకి బ్యాంకులో ఉండదు. కంపెనీకి లాభమట, మనకేమో జీతం లేటు అని మనం తిట్టుకునేది చాలాసార్లు ఇక్కడే పుడుతుంది. ఏ నెలలో ఎంత వస్తుంది, ఎంత పోతుంది అని ముందే పట్టిక వేసి చూపించడం మేనేజ్‌మెంట్ అకౌంటెంట్ పనే. ఆ పట్టిక వేసేవాళ్ళు లేని కంపెనీలు మనం చాలా చూశాం.

ఇక కోర్సుల సంగతి. ఆడిట్ వైపు పోవాలంటే ఇండియాలో సీఏ. 1949 చట్టంతో వచ్చిన ఇన్‌స్టిట్యూట్ నడుపుతుంది. ఫౌండేషన్, ఇంటర్, ఫైనల్ అని మూడు మెట్లు, మధ్యలో ఆర్టికల్‌షిప్. 2023లో వచ్చిన కొత్త పద్ధతిలో ఆర్టికల్‌షిప్ మూడేళ్ళ నుంచి రెండేళ్ళకు తగ్గింది. ఇండియాలో కంపెనీ ఖాతాల ఆడిట్ మీద సంతకం పెట్టే హక్కు సీఏకే ఉంది.

కాస్ట్ వైపు పోవాలంటే ఇండియా సీఎంఏ. పాతవాళ్ళు ఐసీడబ్ల్యూఏ అనేది ఇదే. 1959 చట్టంతో వచ్చింది. ఇందులోనూ ఫౌండేషన్, ఇంటర్, ఫైనలే, ఇంటర్మీడియట్ చదివిన పిల్ల నేరుగా చేరొచ్చు. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 148 కింద మందులు, చక్కెర, సిమెంటు, కరెంటు లాంటి రంగాల్లో ఒక పరిమితి దాటిన కంపెనీలు కాస్ట్ రికార్డులు రాయాలి, వాటికి కాస్ట్ ఆడిట్ ఉంటుంది. ఆ ఆడిట్ కాస్ట్ అకౌంటెంటే చేయాలి. మన దగ్గర తాండూరు, హుజూర్‌నగర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, జీడిమెట్ల, పరవాడ మందుల కంపెనీలు ఉన్నాయి గదా, ఈ చదువుకు పని అక్కడుంది.

అమెరికా సీఎంఏ వేరే. పేరు ఒకటే గానీ సంస్థ వేరు, చదువు వేరు. రెండే పేపర్లు, ఎక్కువగా మేనేజ్‌మెంట్ లెక్కలు. పరీక్ష పాసైనంత మాత్రాన సర్టిఫికెట్ రాదు, డిగ్రీ ఉండాలి, రెండేళ్ళ అనుభవం చూపించాలి. దానితో ఇండియాలో కాస్ట్ ఆడిట్ మీద సంతకం పెట్టలేరు. గల్ఫ్ ఉద్యోగ ప్రకటనల్లో ఈ పేరు కనిపించే మాట నిజమే. కానీ ఇంటర్ అయిన పిల్లకు అది మొదటి మెట్టు కాదు, ఉద్యోగంలో ఉన్నవాళ్ళు పైకి పోవడానికి చేసుకునేది. గ్యారంటీ అన్నవాణ్ణి ఏ సంస్థ సీఎంఏ అని అడగండి. నీళ్ళు నమిలితే ఫీజు కట్టొద్దు.

తమ్ముడికి ఇదే చెప్పా. "అయితే నువ్వే ఒకటి చెప్పు అన్నా" అన్నాడు. నేనెట్లా చెబుతా? పిల్లకు ఫోన్ చేయించా. "పెద్దనాన్నా, నాకు రూల్స్ చదవడం ఇష్టమే, కానీ ఆ గోడ సంగతి బాగుంది" అంది. రూల్ పట్టుకుని ఎదుటివాడి కాగితంలో తప్పు వెతకడం నచ్చితే సీఏ, ఒక వస్తువు ఎంత పడిందో ఫ్లోర్ మీద తిరిగి అడిగి తెలుసుకోవడం నచ్చితే సీఎంఏ అన్నాను. మేనేజ్‌మెంట్ అకౌంటింగ్ ఈ రెండింటిలోనూ పేపర్‌గా ఉంటుంది, అదొక్కటే పట్టుకుని మొదలుపెట్టాల్సిన పని లేదు. పుస్తకం లెక్క తెలియకుండా రేపటి లెక్క వేయలేరు.

వాళ్ళ నాన్నకు ఇంకో భయం ఉంది, ఆడపిల్ల సైట్లలో తిరగాలా అని. ఫ్యాక్టరీల్లో కాస్టింగ్ సెక్షన్ అంటే ఆఫీసే, రోజుకోసారి షాప్ ఫ్లోర్‌కి పోయి రావాలి, అంతే అన్నా.

పిల్ల ఒకటి అడిగింది. నా టైమ్‌షీట్ ఒకటి చూపించమని. పేర్లు కొట్టేసి ఒక వారానిది ఫోటో పంపా. గంటలో మెసేజ్ వచ్చింది, మంగళవారం వెయిటింగ్ ఎందుకు ఆరు గంటలుంది, ఎవరి వల్ల అని. ఆ రోజు కాంక్రీటు పంపు రాలేదు. పంపు వాడికి ఆ ఖర్చు బిల్లు వేశారా అని మళ్ళీ అడిగింది. ఆఫీసులో కనుక్కుని చెబుతానన్నా.